ఆస్తి అప్పుల పట్టీ రెండు వైపులూ ఎందుకు సమానం?

అకౌంటెన్సీ మొదటి వారంలోనే తెరమీద ఒక స్లయిడు పడుతుంది. మధ్యలో నిలువు గీత. ఒకవైపు ఆస్తులు, రెండోవైపు అప్పులూ ఈక్విటీ, అడుగున రెండు వైపులా ఒకే అంకె. పైన ఒక సూత్రం: ఆస్తులు = అప్పులు + ఈక్విటీ. "ఇది ఎప్పుడూ సమానంగానే ఉంటుంది, గుర్తుపెట్టుకోండి" అనేసి మాస్టారు తర్వాతి స్లయిడుకు వెళ్లిపోతారు. గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. కానీ ఒక కంపెనీ కొన్న యంత్రాలకూ, అది తెచ్చిన బ్యాంకు రుణానికీ, ఎప్పుడో వాటాదారులు పెట్టిన డబ్బుకూ ఏం సంబంధం ఉందని రూపాయి తేడా లేకుండా మొత్తాలు కలుస్తున్నాయి? కుర్రవాడు అడగాలనుకుని మొహమాటంతో ఊరుకునే ప్రశ్న ఇదే. దీనికి పుస్తకాలూ ఉపాధ్యాయులూ ఇచ్చే జవాబులు నాలుగు రకాలు. వాటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడటమే ఈ వ్యాసం పని.

ముందు ఆ స్లయిడు చదవడంలో వచ్చే ఒక చిక్కు తీర్చుకుందాం. తెలుగు అకాడమీ తరహా ఇంటర్ కామర్స్ పుస్తకాల్లో అప్పులూ మూలధనం ఎడమవైపు, ఆస్తులు కుడివైపు ఉంటాయి. అది బ్రిటిష్ వాళ్ల నుంచి మనకు వచ్చిన అలవాటు. ఇంటర్నెట్‌లో దొరికే స్లయిడ్లలో ఎక్కువ భాగం అమెరికా పుస్తకాల నుంచి తీసినవి, వాటిలో ఆస్తులు ఎడమవైపు. ఇక 2013 కంపెనీల చట్టం మూడో షెడ్యూలు ఎడమ కుడి రెంటినీ వదిలేసి, ఒకదాని కింద ఒకటిగా రాయమంటుంది. అందులో మామూలు కంపెనీలకు ఈక్విటీ, అప్పులు ముందు, ఆస్తులు తర్వాత. ఇండ్ ఏఎస్ ప్రమాణాలు పాటించే పెద్ద కంపెనీలకు ఆస్తులే ముందు. వైపు మారినా విషయం మారదు. చూడాల్సింది శీర్షికలోని తేదీ. "2025 మార్చి 31 నాటికి" అని ఉంటే, ఆ రోజు పని ముగిసే సరికి వ్యాపారం దగ్గర ఏమున్నాయి, వాటిమీద ఎవరికి ఎంత హక్కు ఉంది అన్నంతవరకే ఆ పట్టీ చెబుతుంది. ఏడాది పొడవునా ఏం జరిగిందో చెప్పేది లాభనష్టాల ఖాతా.

ఇక జవాబులు. అన్నిటికన్నా ప్రచారంలో ఉన్నది తక్కెడ బొమ్మ. ఒక పళ్లెంలో ఆస్తులు, రెండో పళ్లెంలో అప్పులూ ఈక్విటీ, ముల్లు నిటారుగా. చూడ్డానికి బాగుంటుంది, నాకు మాత్రం ఇది మేలుకన్నా చెరుపే ఎక్కువ చేస్తుందనిపిస్తుంది. తక్కెడలో రెండు పళ్లాల్లోనూ వేర్వేరు సరుకులుంటాయి. ఒకవైపు తగ్గితే మరోవైపు కొంచెం తీసి సరిచేస్తాం. ఈ బొమ్మ చూసిన విద్యార్థి, గుమాస్తా కూర్చుని రెండు వైపులనూ తంటాలు పడి సరిచేస్తాడనుకుంటాడు. నిజానికి అక్కడ రెండు రాశులు లేవు. ఉన్నది ఒకే రాశి. దాన్ని ఒకసారి "ఏ రూపంలో ఉంది?" అని, ఇంకోసారి "ఎవరికి చెందుతుంది?" అని లెక్కపెడుతున్నాం. ఒకే రాశిని రెండు రకాలుగా పంచి కూడితే మొత్తం ఒకటే వస్తుంది.

రెండో జవాబు: డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి చేరింది. ఇది తక్కెడకన్నా చాలా నయం. యజమాని పెట్టింది, బ్యాంకు ఇచ్చింది, సరఫరాదారు అరువిచ్చింది, ఇవి డబ్బు వచ్చిన దారులు. యంత్రం, సరుకు, నగదు, ఇవి చేరిన చోట్లు. మొదటిరోజు పాఠానికి ఇది చాలు. మూడోరోజు తరుగుదల వస్తుంది. యంత్రం అరిగి విలువ మూడు వేలు తగ్గింది, ఏ డబ్బూ ఎటూ పోలేదు. మరి ఏ దారి మూసుకుపోయింది? అరువు అమ్మకంలో లాభం వచ్చింది, చేతికి పైసా రాలేదు. ఆ లాభం ఎక్కడి నుంచి వచ్చిన డబ్బు? అక్కడికి వచ్చేసరికి ఈ వివరణ తడబడుతుంది.

మూడోది జంటపద్దు. ప్రతి వ్యవహారాన్నీ ఒకచోట డెబిట్, ఇంకోచోట అంతే మొత్తానికి క్రెడిట్ రాస్తాం కాబట్టి చివరికి రెండు వైపులూ సమానమే అంటారు. ఇటలీ వర్తకులు చాలాకాలంగా వాడుతున్న ఈ పద్ధతిని లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. మాట నిజమే కానీ, ఇది సమానత్వం ఎలా నిలుస్తుందో చెబుతుంది, ఎందుకు ఉండాలో చెప్పదు. పైగా రాసింది అబద్ధమైనా రెండుచోట్లా రాస్తే మొత్తాలు కలుస్తాయి. ఈ సంగతి మనకు చివర్లో పనికొస్తుంది.

నాలుగోది నిర్వచనం. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల మండలి ఈక్విటీని ఇలా చూస్తుంది: ఆస్తుల్లోంచి అప్పులన్నీ తీసేశాక మిగిలేదానిమీద హక్కు. అంటే ఈక్విటీ అన్నదే తీసివేత వల్ల పుట్టిన అంకె. ఆస్తుల్లోంచి అప్పులు తీస్తే వచ్చేదాన్ని మళ్లీ అప్పులకు కలిపితే ఆస్తులు రాక ఏమవుతాయి? తార్కికంగా దీనికి తిరుగులేదు. అయితే చురుకైన విద్యార్థి వెంటనే అడుగుతాడు: "అలాగైతే ఇందులో తెలిసిందేముంది సార్? కలిసేలా మనమే పెట్టుకుని, కలిసిందని సంతోషిస్తున్నామా?" న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు ఉంది, కానీ అది మాటల్లో కన్నా అంకెల్లో బాగా కనిపిస్తుంది.

ఒక దుకాణం, మొదటి నెల

గుంటూరులో కాలేజీ దగ్గర ఒకామె జిరాక్స్, స్టేషనరీ దుకాణం పెడుతోందనుకుందాం. తన పొదుపులోంచి 3,00,000 రూపాయలు తీసి దుకాణం పేరుమీద తెరిచిన బ్యాంకు ఖాతాలో వేసింది. దుకాణం ఆస్తి: బ్యాంకులో 3,00,000. ఈక్విటీ: 3,00,000.

ఇక్కడే మొదటి మెలిక. "నా డబ్బే కదా, మళ్లీ నాకు ఇవ్వాల్సినట్టు రెండోవైపు ఎందుకు రాస్తారు?" అని అందరూ అడుగుతారు. లెక్కలు రాసేది ఆమెకు కాదు, దుకాణానికి. దుకాణాన్ని ఆమె నుంచి వేరైన ఒక అస్తిత్వంగా చూస్తే, దానిది అనుకున్న ప్రతి రూపాయిమీదా బయట ఎవరో ఒకరికి హక్కు ఉంటుంది. బ్యాంకుకు ఉంటుంది, సరుకు ఇచ్చినవాడికి ఉంటుంది, వాళ్లందరికీ పోగా మిగిలినదానిమీద యజమానికి ఉంటుంది. దుకాణం తనకంటూ ఏదీ మిగుల్చుకోదు. గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: సొంత వ్యాపారంలో ఈ వేరు చేయడం లెక్కల వరకే. చట్టం దృష్టిలో ఆమే దుకాణం. అప్పు తీరకపోతే బ్యాంకు ఆమె ఇంటివైపు కూడా చూడగలదు. కంపెనీ అయితే చట్టంలోనూ వేరే వ్యక్తి. 1896లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ సాలమన్ కేసులో తేల్చింది అదే.

ఇప్పుడు ఆమె ఏడాదికి 12 శాతం వడ్డీకి బ్యాంకు నుంచి 2,00,000 రుణం తీసుకుంది. బ్యాంకు నిల్వ 5,00,000 అయింది, అప్పు 2,00,000 చేరింది, ఈక్విటీ కదల్లేదు. అప్పు తెచ్చినంత మాత్రాన ఎవరూ ధనవంతులు కారన్న సంగతి ఈ ఒక్క పద్దులోనే ఉంది. 1,80,000 పెట్టి జిరాక్స్ యంత్రం కొని, షాపుకు 60,000 అడ్వాన్సు కట్టింది. ఈ రెండింటివల్లా బ్యాంకు నిల్వ 2,60,000కి దిగింది కానీ ఆస్తుల మొత్తం 5,00,000గానే ఉంది. డబ్బు యంత్రంగా, అడ్వాన్సుగా రూపం మార్చుకుంది, అంతే. రెండోవైపు తాకాల్సిన అవసరమే రాలేదు. ప్రతి వ్యవహారం రెండు వైపులనూ కదిలించాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు, రెండు కదలికలూ ఒకేవైపు ఉండొచ్చు.

తర్వాత 90,000కు కాగితాలు, నోటుపుస్తకాలు తెచ్చింది. 40,000 చెల్లించింది, 50,000 అరువు. సరుకు 90,000 పెరిగింది, బ్యాంకు 40,000 తగ్గింది, సరఫరాదారుకు ఇవ్వాల్సింది 50,000 పుట్టింది. మొత్తం ఇప్పుడు 5,50,000. అప్పులు 2,50,000, ఈక్విటీ ఇంకా 3,00,000.

నెల గడిచింది. 40,000 ఖరీదైన సరుకు 58,000 తెచ్చింది. అందులో 50,000 చేతికి వచ్చింది, 8,000 ఒక ట్యూషన్ సెంటరు బాకీ. పాఠమంతా ఇక్కడే ఉంది కాబట్టి నెమ్మదిగా చూడాలి. 40,000 సరుకు పోయింది, 58,000 విలువైన నగదూ బాకీ వచ్చాయి. ఆస్తులు 18,000 పెరిగాయి. ఈ 18,000 మీద హక్కు ఎవరిది? బ్యాంకుకు తన అసలూ వడ్డీ తప్ప పైసా ఎక్కువ రాదు. సరఫరాదారుకు తన 50,000 తప్ప ఇంకేమీ రాదు. వాళ్ల హక్కులు ముందే తేలిపోయిన అంకెలు. తేలనిది ఒక్క యజమాని హక్కే. అందుకే పెరిగినదంతా ఈక్విటీకే చేరుతుంది. ట్యూషన్ సెంటరు డబ్బు ఇంకా రాకపోయినా, రావాల్సిన హక్కు ఆస్తే కాబట్టి, ఆ మేరకు ఈక్విటీ కూడా పెరుగుతుంది. లాభం ఈక్విటీని ఎందుకు పెంచుతుందో, నష్టం దాన్నే ఎందుకు తింటుందో ఈ ఒక్క చోట అర్థమైతే సూత్రం అర్థమైనట్టే.

ఖర్చులు ఇదే దారిలో వెనక్కి నడుస్తాయి. అద్దె 9,000 చెల్లించింది: బ్యాంకు తగ్గింది, ఈక్విటీ తగ్గింది. కరెంటు బిల్లు 2,000 వచ్చింది, ఇంకా కట్టలేదు: అప్పు 2,000 పెరిగింది, ఈక్విటీ 2,000 తగ్గింది, ఆస్తులు కదల్లేదు. యంత్రం అయిదేళ్లు పనిచేసి చివరికి ఏమీ పలకదని లెక్కేస్తే నెలకు తరుగుదల 3,000: యంత్రం విలువ తగ్గింది, ఈక్విటీ తగ్గింది. ఎవరికీ డబ్బు ఇవ్వకపోయినా, హక్కు పెట్టుకోవడానికి ఉన్న వస్తువు విలువ తగ్గింది కాబట్టి, చివర నిలబడ్డవాడి వాటా తగ్గింది. ఇందాక రెండో జవాబు తడబడిన చోటు ఇదే. హక్కుల లెక్క ఇక్కడ తడబడదు.

ఈఎంఐ 6,000 కట్టింది. అందులో వడ్డీ 2,000, అసలు 4,000. కొత్తవాళ్లు ఎక్కువగా జారిపడే మెట్టు ఇదే. ఆరువేలూ ఖర్చు కాదు. అసలు తీర్చినప్పుడు బ్యాంకు నిల్వ 4,000 తగ్గింది, అప్పూ 4,000 తగ్గింది, యజమాని వాటాకు ఏమీ కాలేదు. వడ్డీ 2,000 మాత్రమే ఈక్విటీలోంచి పోతుంది. చివరగా ఇంటి ఖర్చుకు 5,000 తీసుకుంది. అది సొంతవాడకం. వ్యాపారపు ఖర్చు కాదు గానీ యజమాని తన వాటాలోంచి తానే కొంత వెనక్కి తీసుకున్నట్టు, కాబట్టి ఈక్విటీ తగ్గుతుంది.

నెలాఖరు పట్టీ ఇది:

| ఆస్తులు | రూ. | అప్పులు, ఈక్విటీ | రూ. |
|---|---|---|---|
| బ్యాంకు, నగదు | 2,50,000 | బ్యాంకు రుణం | 1,96,000 |
| రావాల్సిన బాకీ | 8,000 | సరఫరాదారుకు బాకీ | 50,000 |
| సరుకు నిల్వ | 50,000 | చెల్లించాల్సిన కరెంటు బిల్లు | 2,000 |
| జిరాక్స్ యంత్రం | 1,77,000 | ఈక్విటీ | 2,97,000 |
| షాపు అడ్వాన్సు | 60,000 | | |
| మొత్తం | 5,45,000 | మొత్తం | 5,45,000 |

రెండు దారులు

ఇప్పుడు ఆ చురుకైన విద్యార్థికి జవాబు చెప్పొచ్చు. పట్టీలో ఉన్న 2,97,000ను రెండు దారుల్లో చేరుకోవచ్చు. మొదటిది తీసివేత: నెలాఖరున ఉన్న ఆస్తులు 5,45,000లోంచి అప్పులు 2,48,000 తీస్తే 2,97,000. ఇందులో నెలలో ఏం జరిగిందో తెలియక్కర్లేదు. దుకాణంలోకి వెళ్లి ఉన్నవి లెక్కపెట్టి, ఇవ్వాల్సినవి అడిగితే చాలు.

రెండో దారి చరిత్ర. మొదట పెట్టిన మూలధనం 3,00,000. అమ్మకంమీద మిగిలింది 18,000. అందులోంచి అద్దె 9,000, కరెంటు 2,000, తరుగుదల 3,000, వడ్డీ 2,000 తీస్తే లాభం 2,000. సొంతవాడకం 5,000 పోగా మిగిలింది 2,97,000. ఇందులో దుకాణంలో ఏమున్నాయో చూడక్కర్లేదు, జరిగినవాటిని వరుసగా కూడితే చాలు.

నిర్వచనం ప్రకారం రెండు వైపులూ కలవడంలో వింతేమీ లేదు. ఈ రెండు దారుల్లో వచ్చిన అంకెలు కలవడంలోనే సమాచారం ఉంది. రెండో దారిలో వచ్చిన ఈక్విటీని పట్టీలో రాసి మొత్తాలు చూస్తేనే అది పరీక్ష అవుతుంది. ఎక్సెల్‌లో హోంవర్కు చేసే విద్యార్థులు ఈక్విటీ గడిలో "ఆస్తుల మొత్తం మైనస్ అప్పుల మొత్తం" అని సూత్రం పెట్టేస్తారు. ఇక పట్టీ ఎప్పుడూ కలుస్తుంది, లోపల ఎన్ని తప్పులున్నా సరే. ఆ గడిలో ఉండాల్సింది ప్రారంభ మూలధనం, దానికి కలిపిన లాభం, తీసేసిన సొంతవాడకం. స్లయిడు తయారుచేసే ఉపాధ్యాయుడు కూడా ఈక్విటీని ఒక్క వరుసలో రాయకుండా ఈ మూడు ముక్కలుగా చూపిస్తే సగం సందేహాలు అక్కడే తీరతాయి.

సిద్ధాంతకర్తల్లోనూ ఈ సూత్రాన్ని చదివే తీరులో తేడా ఉంది. అమెరికాలో చార్ల్స్ స్ప్రేగ్ 1880లోనే లెక్కల పద్దులను బీజగణిత సమీకరణంగా రాశాడు. ఆయన వంటివాళ్ల చూపు యజమాని మీద: ఆస్తుల్లోంచి అప్పులు పోతే యజమానికి మిగిలేదెంత? 1922లో విలియం పేటన్ చూపు సంస్థ మీదకు మారింది: బ్యాంకైనా వాటాదారైనా సంస్థకు నిధులిచ్చినవాళ్లే, ఆస్తులన్నిటిమీదా హక్కుదారులే. చిన్న దుకాణానికి మొదటి చదువు సహజం, వేలమంది వాటాదారులున్న కంపెనీకి రెండోది. కొత్తగా నేర్చుకునేవారికి రెండోదాన్నే ముందు చెప్పాలని నా అభిప్రాయం. "నా డబ్బు రెండోవైపు ఎందుకు?" అన్న చిక్కు అందులో తలెత్తదు. అప్పుకూ ఈక్విటీకీ ఉన్న తేడాను మాత్రం మరుగున పడనివ్వకూడదు. అప్పు ఇచ్చినవాడి అంకె ముందే నిర్ణయమైనది, అతనికే ముందు చెల్లించాలి. యజమాని అంకె మిగిలినది, ఆయనకు చివరన. అప్పులు ఆస్తులను మించిపోతే ఈక్విటీ రుణాత్మకమవుతుంది. మన దుకాణం ఆస్తులు 2,20,000కు పడిపోయి అప్పులు 2,48,000గానే ఉంటే ఈక్విటీ మైనస్ 28,000. సూత్రం అప్పుడూ చెదరదు, దుకాణమే చెదురుతుంది.

కలవనప్పుడు, కలిసీ తప్పైనప్పుడు

చేత్తో రాసే పుస్తకాల్లో అంకణా కలవకపోతే తేడాను తాత్కాలికంగా అనామతు ఖాతాలో పెట్టి వెతకడం పాత అలవాటు. వెతకడానికి కొన్ని గుర్తులున్నాయి. తేడా సరిగ్గా 9,000 ఉంటే, అద్దె వంటి పద్దు ఒకవైపే పడి ఉంటుంది. తేడా 18,000 అయితే దాన్ని సగం చేసి 9,000 కోసం వెతకాలి, అది పడాల్సిన వైపు కాక రెండోవైపు పడి ఉండొచ్చు. తేడా 9తో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 5,400కు బదులు 4,500 రాస్తే తేడా 900. ఇవన్నీ అనుమానించడానికే, రుజువులు కావు. టాలీ వాడేవారికి ఈ కష్టం తక్కువ, ఎందుకంటే డెబిట్, క్రెడిట్ కలవని వోచరును అది తీసుకోదు. అయినా పట్టీలో "Difference in opening balances" అన్న వరుస కనిపిస్తే, కొత్తగా ఎక్కించిన ప్రారంభ నిల్వల్లోనే తప్పుందన్నమాట.

కలవని పట్టీ కనీసం తప్పుందని చెబుతుంది. కలిసిన పట్టీ ఏమీ చెప్పదు, ప్రమాదం అక్కడ. మన దుకాణంలో ఈఎంఐ ఆరువేలూ ఖర్చు కింద రాశారనుకోండి. బ్యాంకు 6,000 తగ్గుతుంది, ఈక్విటీ 6,000 తగ్గుతుంది, రుణం 2,00,000గానే ఉండిపోతుంది. ఆస్తులు 5,45,000. అప్పులు 2,52,000, ఈక్విటీ 2,93,000, కలిపి 5,45,000. చక్కగా కలిసింది. రెండు దారులూ కూడా కలుస్తాయి, ఎందుకంటే అదే తప్పు రెండు దారుల్లోనూ నడిచింది. 2,000 లాభం వచ్చిన నెల 2,000 నష్టంగా మారిపోయింది. దీన్ని పట్టుకునేది సూత్రం కాదు, బ్యాంకు ఇచ్చే రుణఖాతా స్టేట్‌మెంటు. అందులో బాకీ 1,96,000 అని ఉంటుంది, మన పుస్తకంలో 2,00,000 ఉంటుంది. కరెంటు బిల్లును పూర్తిగా మరిచిపోయినా ఇంతే. పట్టీలోని ప్రతి వరుసకూ దుకాణం బయట ఒక సాక్ష్యం ఉండాలి: నగదుకు బ్యాంకు స్టేట్‌మెంటు, సరుకుకు అల్మారాలో లెక్క, బాకీకి బాకీదారు ఒప్పుకోలు.

ఈ పాఠం మన హైదరాబాద్‌లోనే పెద్ద ఎత్తున జరిగింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ చైర్మన్ బి. రామలింగరాజు కంపెనీ బోర్డుకు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీ గురించి అందులో ఒప్పుకున్నవి ఇవి: పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివి. రావాల్సిన వడ్డీ 376 కోట్లు లేనిది. రావాల్సిన బాకీలు 490 కోట్లు ఎక్కువ చేసి చూపినవి. అప్పుల్లో 1,230 కోట్లు తక్కువ చేసి చూపినవి.

స్లయిడులోని సూత్రాన్ని ఈ అంకెలకు పెట్టి చూడండి. ఆస్తుల్లో లేనివి 5,040, 376, 490, కలిపి 5,906 కోట్లు. దాచిన అప్పు 1,230 కోట్లు. నిజం రాస్తే ఆస్తులు 5,906 తగ్గాలి, అప్పులు 1,230 పెరగాలి. రెండు దెబ్బలూ పడేది మిగులుమీదే. ఈక్విటీ 7,136 కోట్లు తగ్గాలి. పత్రికల్లో ఆ కుంభకోణానికి ముడిపడిన అంకె అక్కడి నుంచే వచ్చింది. అన్నాళ్లూ ఆ కంపెనీ పట్టీలు రెండు వైపులా కలుస్తూనే వచ్చాయి.

అదే లేఖలో ఇంకో మాట కొత్తగా నేర్చుకునేవారికి మరింత పనికొస్తుంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో రాబడి 2,700 కోట్లని చూపారు, నిజానికి 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, నిజానికి 61 కోట్లు. రెండు తేడాలూ 588 కోట్లే. ఆ ఒక్క త్రైమాసికంలో లేని నగదు కూడా సరిగ్గా 588 కోట్లు పెరిగిందని ఆయనే రాశారు. ఈ మూడు అంకెలు ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. లేని రాబడి రాస్తే లాభం పెరుగుతుంది, లాభం ఈక్విటీని పెంచుతుంది, ఈక్విటీ పెరిగితే అంతే మొత్తం ఆస్తుల్లో ఎక్కడో పెరిగి కనిపించాలి, లేదా అప్పుల్లో తగ్గి కనిపించాలి. బొంకిన లాభం ఆస్తుల్లోనో అప్పుల్లోనో మరో బొంకును కనకుండా ఉండలేదు. బాకీల్లో పెడితే వసూలు కాని బాకీలు ఏటేటా పేరుకుపోయి కంట్లో పడతాయి. నగదులో పెడితే కొంతకాలం దాగుతుంది, కానీ ఆడిటర్ బ్యాంకును నేరుగా అడిగి రాతపూర్వకమైన ధ్రువీకరణ తెప్పించుకుంటే ఒక్క ఉత్తరంతో బయటపడుతుంది. కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితాన్ని నమ్మితే బయటపడదు.

చివరగా ఈ సూత్రం పరిమితి ఒకటి. పట్టీలోని 2,97,000 ఆ దుకాణం ధర కాదు, యజమాని చేతికి వచ్చే డబ్బూ కాదు. కాలేజీ పిల్లలకు ఆ దుకాణం అలవాటైపోవడం ఆస్తిగా ఎక్కదు. యంత్రం విలువ కొన్న ధరలోంచి తరుగుదల తీయగా మిగిలిన అంకె, బజారులో దానికి ఎంత వస్తుందన్నది వేరే సంగతి. దుకాణం అమ్మితే ఇంతకన్నా ఎక్కువ రావొచ్చు, తక్కువ కూడా రావొచ్చు. "ఈక్విటీ 2,97,000 ఉంది కదా, అందులోంచి తీసుకుంటాను" అని యజమాని అంటే, ఆ ఈక్విటీలో చాలా భాగం యంత్రంగానూ అడ్వాన్సుగానూ కూర్చుని ఉందని ఆస్తుల వైపు చూపించి చెప్పాలి.

ఈ స్లయిడు పెట్టి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. సూత్రం చూపించిన వెంటనే ఇంకో కల్పిత పట్టీ పెట్టకండి. ఒక చిన్న వ్యాపారపు పట్టీనీ, దాని పక్కనే అదే తేదీకి బ్యాంకు ఇచ్చిన స్టేట్‌మెంటునూ పెట్టి, రెండింట్లో నిల్వ ఒకటేనా అని పిల్లల్నే చూడమనండి.